తొలగించిన కీలోకి పాత విలువ మళ్లీ ఎలా వచ్చింది?

చినుకు
మాది వస్తువులు అమ్మే సైటు. ఒక్కో వస్తువు వివరాలనూ, మిగిలిన నిల్వనూ రెడిస్‌లో 6 గంటల గడువుతో ఉంచుతున్నాం. చదివేటప్పుడు క్యాష్‌లో దొరక్కపోతే డేటాబేస్ నుంచి తెచ్చి పెడతాం. మార్చేటప్పుడు ముందు డేటాబేస్‌లో రాసి, కమిట్ అయ్యాక క్యాష్‌లోని కీని తొలగిస్తాం. ఇంతకంటే సాదాసీదా పద్ధతి ఉండదు.

అయినా వారంలో రెండు మూడుసార్లు ఏదో ఒక వస్తువు నిల్వ సున్నా అయ్యాక కూడా గంటల తరబడి ‘12 ఉన్నాయి’ అని చూపిస్తోంది. తొలగింపు విఫలమవుతోందేమోనని లాగ్‌లన్నీ వెతికాను. `DEL` వెళ్లింది, రెడిస్ జవాబూ ఇచ్చింది. క్రమం తిప్పి, ముందు క్యాష్‌లో తొలగించి తర్వాత డేటాబేస్‌లో రాస్తే బాగుపడుతుందా?

అటకమీదిపెట్టె
ఇది బ్రౌజర్ చేసే పని. మాకూ ఇలాగే అయింది. జవాబుతో పాటు `Cache-Control: no-cache` పంపితే పోయింది.

చినుకు
బ్రౌజర్ కాదండీ. సర్వర్ నుంచి నేరుగా రెడిస్‌లో `GET` కొట్టినా 12 అనే వస్తోంది.

పాతకాపు
క్రమం మాత్రం తిప్పకండి, ఇంకా పాడవుతుంది. మీరు కీ తొలగించాక డేటాబేస్ కమిట్ అయ్యేలోపు ఎవరు చదివినా పాత విలువనే తెచ్చి క్యాష్‌లో పెట్టేస్తారు. ఆ సందు మొత్తం ట్రాన్సాక్షన్ అంత వెడల్పు ఉంటుంది.

‘రెడిస్ జవాబిచ్చింది’ అన్నారు. ఏమని ఇచ్చింది? `DEL` ఎన్ని కీలను తీసేసిందో ఆ సంఖ్యను తిరిగి ఇస్తుంది. చెడిన సందర్భాల్లో అది 1 వచ్చిందా, 0 వచ్చిందా?

చినుకు
ఇప్పుడే చూశాను. గత నెలలో దొరికిన 9 సందర్భాల్లో 8 సార్లు 0. అంటే తొలగించడానికి అక్కడ కీయే లేదు! ఒక సందర్భం లాగ్‌లను రెండు సర్వర్ల నుంచి తెచ్చి పక్కపక్కన పెట్టాను. మొదటి గీతను సున్నా మిల్లీసెకన్లుగా లెక్కేశాను:

```
  0  A  GET item:4471   -> nil
  3  A  SELECT          -> stock 12
 40  B  UPDATE, COMMIT  -> stock 0
 42  B  DEL item:4471   -> 0
190  A  SET item:4471 12 EX 21600
```

B అనేది గిడ్డంగి లెక్క సరిచేసే పని. A మామూలు పేజీ. A దగ్గర 3 నుంచి 190 దాకా ఏం జరిగిందా అని చూస్తే, ఆ సమయంలో మెమొరీ శుభ్రం చేసుకుంటూ ప్రాసెస్ ఆగిపోయింది.

పాతకాపు
దొంగ దొరికాడు. A చేతిలో పాత విలువ పట్టుకుని నిద్రపోయింది. ఈలోపు B వచ్చి, ఖాళీ కీని తొలగించి వెళ్లిపోయింది. A లేచి, తన చేతిలోది ఇంకా తాజాదే అనుకుని పెట్టేసింది. ఆ తర్వాత ఎవరూ ఆ వస్తువును మార్చలేదు కాబట్టి 6 గంటలూ అదే నిలిచింది. ఇది జరగాలంటే కీ గడువు తీరిన క్షణంలోనే మార్పూ రావాలి, చదివిన ప్రాసెసూ ఆగాలి. అందుకే మీకు వారానికి రెండు మూడే కనిపిస్తున్నాయి. గడువును 5 నిమిషాలు చేస్తే తప్పు 5 నిమిషాలకు మించి బతకదు కానీ, ఎన్నిసార్లు జరుగుతుందన్నది పెరుగుతుంది, ఎందుకంటే కీలు మరింత తరచుగా ఖాళీ అవుతాయి.

మేఘమాల
దీనికంతటికీ మూలం కీని తొలగించడమే కదా. రైట్ త్రూకి మారండి. డేటాబేస్‌లో రాయగానే అదే విలువను క్యాష్‌లోనూ రాసేస్తే కీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు, పాతదాన్ని తెచ్చి పెట్టే అవకాశమే ఉండదు.

పాతకాపు
సగం నిజం, మేఘమాల గారూ. ఒక్కరే రాస్తే మీరన్నట్టే నడుస్తుంది. ఇద్దరు రాస్తే చూడండి. P డేటాబేస్‌లో 30 అని రాసింది. వెంటనే Q 29 అని రాసింది. క్యాష్ దగ్గరికి మాత్రం Q ముందు చేరి 29 పెట్టింది, P ఆలస్యంగా వచ్చి 30 పెట్టింది. డేటాబేస్‌లో 29, క్యాష్‌లో 30. ఇక్కడ ఎవరూ చదవనే లేదు, అయినా చెడింది. పైగా గడువు తీరడం, మెమొరీ చాలక తీసేయడం రైట్ త్రూలోనూ ఉంటాయి, కాబట్టి చినుకు గారి పాత సందు కూడా అలాగే తెరిచి ఉంటుంది.

రైట్ త్రూ వల్ల వచ్చే లాభం వేరు. రాసిన వెంటనే చదివేవాళ్లకు క్యాష్‌లో విలువ సిద్ధంగా ఉంటుంది. వరుస తప్పకుండా చూసే బాధ్యత అది తీసుకోదు.

గవ్వ
నా అనుభవం రైట్ బ్యాక్‌తో. వీక్షణల లెక్కను రెడిస్‌లోనే `INCR` చేస్తూ, 30 సెకన్లకు ఒకసారి మొత్తాన్ని డేటాబేస్‌లోకి దించేవాళ్లం. డేటాబేస్ మీద భారం అమాంతం తగ్గింది. మూడు నెలలు హాయిగా ఉన్నాక లెక్కలు తగ్గుతున్నాయని తెలిసింది.

ఒక కారణం మా తెలివితక్కువతనమే. `GET` చేసి, డేటాబేస్‌కు కలిపి, తర్వాత `DEL` చేసేవాళ్లం. ఆ రెండింటి మధ్య వచ్చినవన్నీ గాలికి పోయేవి. `GETDEL` వాడాక అది ఆగింది. రెండోది చాలా రోజులు అంతు చిక్కలేదు. అదే రెడిస్‌లో పేజీల క్యాష్ కూడా ఉండేది, `maxmemory-policy` ఏమో `allkeys-lru`. మెమొరీ నిండినప్పుడు ఇంకా డేటాబేస్‌కు చేరని లెక్కలను కూడా అది నిస్సంకోచంగా తీసి పారేసేది. క్యాష్ దృష్టిలో అన్నీ మళ్లీ తెచ్చుకోగలిగినవే కదా. మన లెక్కకు మాత్రం అదొక్కటే ప్రతి. వేరే రెడిస్ పెట్టి `noeviction` చేశాం.

చినుకు
గవ్వ గారూ, ఇది చదివాక మా నిల్వకు రైట్ బ్యాక్ ఆలోచన మానేశాను. వీక్షణ పోతే పోతుంది, అమ్మిన వస్తువు లెక్క పోతే మమ్మల్ని నిలదీస్తారు.

గవ్వ
మానేయడమే మంచిది. `GETDEL` చేశాక డేటాబేస్‌లో రాసేలోపు ప్రాసెస్ చచ్చిపోతే ఆ ముక్క ఇప్పటికీ పోతుంది. మేం దానికి సిద్ధపడే ఉన్నాం.

బొంగరం
మేం రెండుసార్లు తొలగిస్తాం. కమిట్ కాగానే ఒకసారి, క్యూలో పెట్టి 1 సెకను తర్వాత ఇంకోసారి. మీ లాగ్‌లో 190 దగ్గర పెట్టిన పాత విలువ 1,042 దగ్గర ఊడిపోతుంది. రెండేళ్లుగా ఫిర్యాదు లేదు.

పాతకాపు
ఫిర్యాదు లేకపోవడం, తప్పు లేకపోవడం ఒకటి కాదు. ప్రాసెస్ 1.2 సెకన్లు ఆగితే? ఎంత ఆగొచ్చో తెలియనప్పుడు ఆ 1 సెకను ఊహే. చవకైన పద్ధతి, చాలామందికి చాలుతుంది, కాదనను.

నేరుగా ఆ సందునే మూసే దారి ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2013లో మెమ్‌క్యాషెడ్ గురించి రాసిన పత్రంలో ఉంది. దాన్ని లీజు అన్నారు. కీ దొరకనప్పుడు క్యాష్ ఒక టోకెన్ ఇస్తుంది, విలువ పెట్టేటప్పుడు ఆ టోకెన్ చూపించాలి. మధ్యలో ఆ కీకి తొలగింపు వస్తే టోకెన్ చెల్లదు. చినుకు గారి A 190 దగ్గర టోకెన్‌తో వచ్చి ఉంటే వెనక్కి పంపేసేది.

మేఘమాల
రెడిస్‌లో లీజు లేదు కదా. టేబుల్‌లో `version` అనే కాలమ్ పెట్టి, ప్రతి `UPDATE`లోనూ ఒకటి పెంచి, క్యాష్‌లో ఉన్నదానికంటే పాత వెర్షన్ వస్తే పెట్టకుండా ఆపొచ్చు. నేను ముందు చెప్పిన రైట్ త్రూ కూడా దీంతో బాగుపడుతుంది.

పాతకాపు
ఈసారి ముప్పావు నిజం. రెండు రాతల చిక్కు తీరుతుంది. కానీ కీని తొలగిస్తే దాంతో పాటు వెర్షన్ కూడా పోతుంది! A వెర్షన్ 7 పట్టుకుని వస్తే పోల్చడానికి అక్కడేమీ ఉండదు, దర్జాగా పెట్టేస్తుంది. కాబట్టి `DEL` మానేసి, B అక్కడ ‘వెర్షన్ 8, విలువ ఖాళీ’ అనే గుర్తును నాటాలి. చదివేవాళ్లు ఖాళీ విలువ కనిపిస్తే దొరకనట్టే భావించి డేటాబేస్‌కు వెళ్లాలి. ఇద్దరికీ ఒకే స్క్రిప్ట్ సరిపోతుంది:

```lua
local cur = redis.call('HGET', KEYS[1], 'v')
if cur and tonumber(cur) > tonumber(ARGV[1]) then
  return 0
end
redis.call('HSET', KEYS[1], 'v', ARGV[1], 'd', ARGV[2])
redis.call('EXPIRE', KEYS[1], ARGV[3])
return 1
```

పోలిక `>=` కాకుండా `>` ఉండటం గమనించండి. `>=` రాస్తే వెర్షన్ 8 తాజా విలువ తెచ్చినవాళ్లు కూడా గుర్తు దగ్గరే ఆగిపోతారు. వెర్షన్‌కు బదులు `updated_at` వాడదామని ఎవరో ఒకరు అంటారు, ముందే చెబుతున్నా. మైఎస్‌క్యూఎల్‌లో `DATETIME` మామూలుగా సెకను వరకే ఉంటుంది, ఒకే సెకనులో వచ్చిన రెండు మార్పులు దానికి ఒకటే.

చినుకు
ఒక విషయం దాచాను, దాచానని తెలియక. మా పేజీలు ప్రధాన డేటాబేస్ నుంచి కాదు, రెప్లికా నుంచి చదువుతాయి. మామూలుగా అర సెకను వెనుక ఉంటుంది, రాత్రి పెద్ద పనులు నడిచేటప్పుడు 20 సెకన్ల దాకా పోతుంది. `DEL` 1 ఇచ్చినా చెడిన ఆ తొమ్మిదోది రాత్రి పూటదే.

పాతకాపు
అదీ సంగతి. దానికి ఎవరూ ఆగి నిద్రపోనక్కరలేదు. తొలగింపు తర్వాత తాజాగా వచ్చి, తాజాగా చదివి, పాత విలువనే తెచ్చుకుంటారు. టోకెన్ ఒక్కటే ఉంటే ఇక్కడ ఆపలేదు, ఎందుకంటే ఆ టోకెన్ తొలగింపు తర్వాతే ఇచ్చింది, చెల్లుతుంది. వెర్షన్ గుర్తు ఆపుతుంది. రెప్లికా 7 ఇస్తుంది, గుర్తు 8 అంటుంది, స్క్రిప్ట్ 0 ఇస్తుంది. అయితే గుర్తు గడువు రెప్లికా వెనుకబాటు కంటే ఎక్కువ ఉండాలి. మీ 20 సెకన్లకు నేనైతే 300 పెడతాను. ఇంకో మాట, స్క్రిప్ట్ 0 ఇచ్చినప్పుడు చేతిలో ఉన్న పాత విలువను పేజీకి కూడా ఇవ్వకండి, ప్రధాన డేటాబేస్ నుంచి మళ్లీ చదవండి.

చినుకు
రెండు వారాల తర్వాత తిరిగి వచ్చాను. స్క్రిప్ట్ పెట్టాం. ఫిర్యాదుల కోసం ఎదురుచూడకుండా, క్యాష్‌లో దొరికిన ప్రతి వెయ్యింటిలో ఒకదాన్ని ప్రధాన డేటాబేస్ వెర్షన్‌తో పోలుస్తున్నాం. తేడా వస్తే 5 సెకన్లు ఆగి మళ్లీ పోలుస్తాం, అప్పుడూ తేడా ఉంటేనే తప్పుగా రాసుకుంటాం. లేకపోతే కమిట్‌కూ గుర్తుకూ మధ్య ఉన్న రెండు మిల్లీసెకన్లను కూడా తప్పుగా లెక్కపెట్టినట్టవుతుంది.

రెండు వారాల్లో ఒక్కటే దొరికింది. B కమిట్ చేసింది, గుర్తు నాటేలోపు మేమే కొత్త కోడ్ ఎక్కిస్తూ ఆ ప్రాసెస్‌ను ఆపేశాం.

బొంగరం
రెండోసారి తొలగించే పనిని కమిట్‌కు ముందే క్యూలో పెట్టి ఉంటే అది మిగిలేది. ఊరికే అంటున్నా.

పాతకాపు
ఊరికే కాదు, ఆ ఒక్క విషయంలో మీ మాట సరైనదే. నా దారి అయితే డేటాబేస్ బిన్‌లాగ్‌ను చదువుతూ, కమిట్ అయిన ప్రతి మార్పుకూ గుర్తు నాటే ప్రాసెస్ ఒకటి విడిగా నడపడం. రాసినవాడు చచ్చినా మార్పు లాగ్‌లో ఉంటుంది.

గవ్వ
రెండు వారాలకు ఒక్క తప్పు కోసం ఇంకో ప్రాసెస్ నడపాలా? అది ఆగిపోయినప్పుడు ఎవరు లేస్తారు? గడువును 6 గంటల నుంచి 30 నిమిషాలకు తగ్గించి వదిలేస్తాను నేనైతే.

చినుకు
మా బృందంలోనూ సరిగ్గా ఇదే వాదన నడుస్తోంది. ముగ్గురం ఉన్నాం, రాత్రి లేచేది నేనే. ప్రస్తుతానికి గడువు తగ్గించాను. బిన్‌లాగ్ చదివే ప్రాసెస్‌ను చిన్న బృందంతో నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, అది వెనుకబడిందని మీకు ఎలా తెలుస్తుందో రాయండి.