మెరూన్ అంచు గద్వాల చీర, చామనఛాయ ముఖం: వెనక ఏ రంగు పెట్టాలి?

దేవరకొండ స్టూడియో:
అన్నలూ, అక్కలూ, ఒక సందేహం. ఒక అమ్మగారికి 60 ఏళ్లు నిండాయని పిల్లలు 12x18 ఫ్రేమ్ అడిగారు. ఆమెది చామనఛాయ. కట్టుకున్నది మస్టర్డ్ రంగు గద్వాల చీర, అంచు మెరూన్. ఇంటి దగ్గర లేత ఆకుపచ్చ గోడ ముందు ఫోన్‌తో తీశారు. నేను ఫోటోషాప్‌లో కట్ చేసి, అంచుకు మ్యాచ్ అవుతుందని వెనక మెరూన్ పెట్టాను. పెట్టగానే ముఖానికి బూడిద పూసినట్టు అయింది. తెలుపు పెంచితే ఇంకా పాడవుతోంది. తప్పు ఎక్కడుంది?

సూర్యాపేట డిజైనర్:
చామనఛాయ వాళ్లకు వెనక లేత రంగే పెట్టాలి బ్రదర్. తెలుపో క్రీమో పెట్టు, ముఖం విడిగా కనబడుతుంది. మా దగ్గర ఎప్పుడూ అంతే.

పాలమూరు అక్క:
తమ్ముడు చెప్పింది సగం నిజం. ముఖానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా ఉండాలన్నది కరెక్టే. కానీ పక్కన తెలుపు ఉంటే కన్ను ముఖాన్ని ఉన్నదానికంటే నల్లగా చూస్తుంది. ఆమె మేనిఛాయ ఆమెకు అందంగానే ఉంది, దాన్ని మార్చకుండా పని చేద్దాం.

దేవరకొండ తమ్ముడూ, తప్పు ముఖంలో లేదు. ఒంటి రంగు ఎవరిదైనా నారింజ వైపే ఉంటుంది, మెరూన్ దానికి దగ్గరి చుట్టం. దగ్గరి రంగే చుట్టూ బాగా చిక్కగా ఉంటే, మధ్యలో ఉన్న పలచటి రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. నువ్వు చూసిన బూడిద అదే. పైగా అంచు వెనక రంగులో కలిసిపోయి, చీర ఎక్కడ ఆగిందో తెలియదు.

ఐడ్రాపర్‌కు పైన 5 by 5 Average పెట్టుకుని, నీడా మెరుపూ లేని చోట చెంప మీద నొక్కి, వచ్చిన H, S, B, అంటే రంగు, చిక్కదనం, వెలుగు అంకెలు చెప్పు.

దేవరకొండ స్టూడియో:
H 20, S 48, B 60 వచ్చింది అక్కా. చీర H 42.

పాలమూరు అక్క:
H చక్రం 360 వరకు. 20కి 180 కలిపితే దాని ఎదురు రంగు, 200. చీరకు కలిపితే 222. రెండింటి మధ్యలో 210 దగ్గర పెట్టు, అంటే నీలం. కానీ S 48 పెట్టావంటే ఆ నీలం ముఖంతో పోటీ పడుతుంది. 25 చాలు. B విషయంలో జుట్టు చూడాలి. 15 పెడితే నల్ల జుట్టు మాయమై, ముఖం ఒక్కటే తేలుతుంది. తల వెనక 38, మూలలకు 22 వచ్చేలా గుండ్రటి గ్రేడియంట్ వెయ్యి.

తర్వాత అన్ని లేయర్ల పైన ఒక బూడిద రంగు లేయర్ వేసి, దాని బ్లెండ్ మోడ్ Color పెట్టు. రంగులు పోయి వెలుగు మాత్రమే మిగులుతుంది. అప్పుడూ ముఖం, జుట్టు విడిగా కనబడితే సరే. చూశాక ఆ లేయర్ ఆపెయ్యి.

గోడ ఆకుపచ్చ మర్చిపోకు. జుట్టు చివర్లలో, దవడ కింద ఉండే ఉంటుంది. మెరూన్ పక్కన అది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. జుట్టుకు Select and Mask లో Decontaminate Colors టిక్ పెట్టు. దవడ కింద దాంతో పోదు. అక్కడ పైన ఒక లేయర్ వేసి Color మోడ్‌లో చెంప రంగు తీసుకుని, మెత్తటి బ్రష్‌తో పలచగా రుద్దు.

మిర్యాలగూడ ఫ్లెక్స్:
నాదీ ఇదే సమస్య. ఓణీల ఫంక్షన్ ఫ్లెక్స్‌కు నీలం పెడితే వంకాయ రంగులో వచ్చింది. చీర మార్చమనాలా?

పాలమూరు అక్క:
అన్నా, మీది ప్రింట్ సంగతి, చీరతో పని లేదు. చిక్కటి నీలం ఇంకుల్లోకి మారేటప్పుడు ఊదా వైపు జారుతుంది. H కాస్త తగ్గించి, ఆకుపచ్చ వైపు జరిపి, అదే మిషన్ మీద చిన్న ముక్క కొట్టించి చూడండి. ఎంత తగ్గించాలన్నది మిషన్‌ను బట్టి ఉంటుంది.

దేవరకొండ స్టూడియో:
పెట్టాను అక్కా. ముఖం మీద చెయ్యే వేయలేదు, అయినా వెచ్చగా కనిపిస్తోంది. జరీ కూడా లేచింది. కానీ కుడి భుజం దగ్గర కట్ చేసి అతికించినట్టే ఉంది. పైగా వాళ్ల పెద్దబ్బాయి చూసి, శుభకార్యానికి ఇంత ముదురు రంగా అన్నాడు.

పాలమూరు అక్క:
భుజం సంగతి వెలుగుది. ఫోటోలో వెలుగు ఎటు నుంచి పడిందో చూసి గ్రేడియంట్‌లో వెలుగు ఎక్కువున్న భాగాన్ని అటు జరుపు. పెద్దబ్బాయికి అదే H, S ఉంచి, B 75కు పెంచి రెండోది చూపించు. కానీ పక్కన లేత రంగు ఉంటే ముఖం కొంచెం నల్లగా అనిపించొచ్చు.

సూర్యాపేట డిజైనర్:
అప్పుడు నేను చెప్పిన లేత రంగే కదా అక్కా!

పాలమూరు అక్క:
లేతే, కానీ తెలుపు కాదు తమ్ముడూ. నేనైతే ముదురుదే ఇస్తాను. రెండూ 4x6 ప్రింట్లు తీసి అమ్మగారికే చూపించండి.

దేవరకొండ స్టూడియో:
రేపు వాళ్లింటికి పట్టుకెళ్తాను అక్కా.