ఫోటోలో ఉన్న హెచ్‌టీపీ పంపు 22 నెంబరా, 30 నెంబరా?

మారతహళ్లి_వాసి: శ్రీనివాసపురం దగ్గర మా మామిడి తోటకి పాత హెచ్‌టీపీ స్ప్రేయర్ బేరానికొచ్చింది. స్టిక్కర్ చెరిగిపోయింది. అమ్మే ఆయన 30 నెంబర్ అంటున్నాడు. ఫోటో పెట్టాను, చూసి ఏ మోడలో చెప్పగలరా? స్పేర్లు బెంగళూరులో దొరుకుతాయా?

పుల్లీ_బాబు: అంత పెద్ద పుల్లీ 30కే ఉంటుంది. డౌట్ అక్కర్లేదు, తీసుకోండి.

కేఆర్‌పురం_మెకానిక్: పుల్లీ చూసి నెంబర్ చెప్పలేం. ఇంజన్ స్పీడుకి సరిపోయేలా ఎవరికి తోచిన పుల్లీ వాళ్లు వేసుకుంటారు. ఫోటోని పెద్దది చేసి ఆయిల్ డబ్బాకి, పైపులు తగిలించే తలకాయకి మధ్య ఉన్న సందు చూడండి. అక్కడ మూడు రాడ్లు మెరుస్తున్నాయి, అవే ప్లంజర్లు. 22, 30 అనేది వాటి లావు, మిల్లీమీటర్లలో.

మరి ఫోటోలో కొలిచేదెలా? బెల్టుతో. దాని వీపు మీద బి అక్షరం కనిపిస్తోంది. బి బెల్టు వీపు వెడల్పు సుమారు 17 మిల్లీమీటర్లు. ప్లంజర్ లావు బెల్టు వెడల్పుకి 1.3 రెట్లు వస్తోంది, అంటే 22. అదే 30 అయితే బెల్టుకి ఒకటిముప్పావు రెట్లు కనిపించాలి.

పుల్లీ_బాబు: బెల్టు ముందుంది, రాడ్లు వెనకున్నాయి. వెనకున్నది చిన్నగా కనపడదా? 30 కూడా 22లా కనిపించొచ్చు.

కేఆర్‌పురం_మెకానిక్: చిన్నగా కనపడుతుంది, నిజమే. కానీ రాడ్లు అర అడుగే వెనక ఉన్నాయి. 30ది 22లా కనిపించాలంటే ఒకటిన్నర అడుగు దూరం నుంచి తీసి ఉండాలి. ఈ ఫోటోలో డ్రమ్ము, ఇంజన్, వెనక చెట్టు అన్నీ పట్టాయి, అంత దగ్గర నుంచి తీసింది కాదు. అయినా డబ్బులిచ్చే ముందు రాడ్డు పక్కన స్టీలు స్కేలు పెట్టి ఇంకో ఫోటో తెప్పించండి.

కోలార్_టమాటా: ఏ నెంబరైతే ఏంటి? నాకు ఒక షాపులో 22 అని చెప్పి 30 ప్యాకింగ్ సెట్ అంటగట్టారు. ఫిట్ కాలేదు, వాపసు తీసుకోలేదు. సరిగ్గా పంట మీదున్నప్పుడు పంపు మూలన పడింది. పైగా ఈ గన్‌తో దగ్గర నుంచి కొడితే టమాటా పూత రాలిపోతుంది.

మారతహళ్లి_వాసి: మాది మామిడి అండీ. టమాటా కాదు.

కోలార్_టమాటా: మామిడికి పూత ఉండదా? తేనెమంచు పురుగుకి కొట్టేది పూత మీదే కదా!

కేఆర్‌పురం_మెకానిక్: అందుకే గన్ తిప్పి మంచులా పడేట్టు పెట్టుకుని దూరం నుంచి కొట్టాలి. స్పేర్ల సంగతికొస్తే, ప్యాకింగ్, వాల్వు సెట్లు ప్లంజర్ నెంబర్ చెబితే ఇస్తారు. కొన్ని కంపెనీలవి కొలతలో కాస్త తేడా ఉంటాయి కాబట్టి పాతది చేతిలో పట్టుకుని వెళ్లాలి. ఆయిల్ సీలు మీద మూడు అంకెలుంటాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం. అవి ఉంటే కంపెనీ పేరుతో పనిలేదు. సీళ్లు, బెల్టులు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి.

కొనేముందు ఆయిల్ మూత తీయించండి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు దిగాయి. నడిపినప్పుడు రాడ్ల కింద ధారగా కారితే ప్యాకింగ్ అరిగింది. ప్యాకింగ్ పెద్ద ఖర్చు కాదు. ఆయిల్లో నీళ్లుంటే మాత్రం బేరింగులు కూడా విప్పి చూడాలి.

కోలార్_టమాటా: మారతహళ్లిలో కూర్చుని ఫోటోలు కొలుస్తున్నారు సరే, ఎండలో గన్ పట్టేదెవరు? వాళ్లని అడిగారా?

మారతహళ్లి_వాసి: మీకెందుకండీ అది? డబ్బు పెట్టేది నేను. గన్ పట్టేది మా తమ్ముడు. వాడికి రెండు గన్లు ఒకేసారి నడవాలట, అందుకే 30 అడిగాడు. ధర తక్కువని నేను దీని దగ్గర ఆగాను.

కేఆర్‌పురం_మెకానిక్: ఈ మాట ముందే చెప్పాల్సింది. 22 నెంబర్ నిమిషానికి 20 లీటర్ల దాకా తోడుతుంది. ఒక గన్‌కి బాగుంటుంది. పెద్ద మామిడి చెట్లకి పొడుగు పైపులతో రెండు గన్లు పెడితే పై కొమ్మలకి మందు అందదు. 30 తీసుకుంటే దాని మీద 5 హెచ్‌పీ దాకా ఇంజన్ ఉండాలి, 3 హెచ్‌పీది లోడు మీద పొగ కక్కి ఆగిపోతుంది.

పుల్లీ_బాబు: ఇంజన్ పుల్లీ పెద్దది వేసి స్పీడు పెంచితే 22 కూడా లాగుతుంది.

కేఆర్‌పురం_మెకానిక్: పంపుకి చెప్పిన స్పీడు దాటిస్తే ప్యాకింగ్ వేడెక్కి కాలిపోతుంది. ఆ సలహా ఇవ్వకండి.

పుల్లీ_బాబు: మా ఊళ్లో నడుస్తున్నాయి సార్.

మారతహళ్లి_వాసి: రెండో గన్ పట్టడానికి మనిషి దొరకడం లేదని తమ్ముడే అంటాడు, మళ్లీ రెండు గన్లు కావాలంటాడు. ఆదివారం వాణ్ణే స్కేలుతో పంపిస్తాను. ఆయిల్ మూత ఫోటో కూడా పెడతాను.

కోలార్_టమాటా: పంపించండి. కొనాలా వద్దా అన్నది కూడా అతన్నే చెప్పనివ్వండి.