తొమ్మిది లోగోలు పంపాను, అన్నీ కలిపి ఒకటి చెయ్యమంటున్నారు

తెనాలి నుంచి: పొద్దున్నుంచి ఆరు గంటలుగా దీని మీదే కూర్చున్నాను. పచ్చళ్ల వ్యాపారం చేసే ఆవిడ క్లయింట్. "మూడోదాంట్లో అక్షరాలు, ఏడోదాంట్లో మామిడాకు, అయిదోదాంట్లో ఎరుపు కలపండి" అన్నారు. కలిపాను. ఇప్పుడు "ఏదో తేడాగా ఉందండి" అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

ప్రెస్ బాబాయ్: ఎలా పంపావు?

తెనాలి నుంచి: వాట్సాప్‌లో, ఒకే ఇమేజ్‌లో నంబర్లు వేసి. ఏది నచ్చిందో చెప్పమన్నాను.

ప్రెస్ బాబాయ్: అక్కడే పోయింది.

ఫ్రీలాన్సర్, వైజాగ్: ముందు సగం అడ్వాన్స్ తీసుకున్నారా? ఎన్ని కరెక్షన్లో రాసుకున్నారా? నేను ఇలాగే ఒక బొటిక్‌కి నాలుగు నెలలు తిరిగాను. మనవాళ్లు అగ్రిమెంట్ అంటే మొహమాటపడతారు, అసలు సమస్య అదే.

తెనాలి నుంచి: అడ్వాన్స్ వచ్చిందండీ. నా ప్రశ్న అది కాదు.

స్టూడెంట్: ఒక్కటే చూపించాలి. 1986లో డిజైనర్ పాల్ రాండ్ స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ కంపెనీకి ఒక్క లోగోనే ఇచ్చాడు. జాబ్స్ ఆప్షన్లు అడిగితే ఇవ్వనన్నాడు.

ప్యాకేజింగ్ పద్మ: నిజమే, కానీ ఆ ఒక్కదానికి ఎలా చేరాడో మెట్టు మెట్టుగా చూపిస్తూ ఒక పుస్తకమే చేసి ఇచ్చాడు. మనం నేర్చుకోవాల్సింది అది.

తమ్ముడూ, నంబర్లు వేసి తొమ్మిది పంపితే ఎవరైనా ముక్కలు ఏరుకుంటారు. రెండు చాలు, మహా అయితే మూడు. ముందు నలుపు తెలుపులోనే చూపించు. రంగు కనిపిస్తే మాటంతా రంగు మీదకే పోతుంది. మొదటి రోజు ఆవిడేమన్నారు?

తెనాలి నుంచి: "ఇంట్లో పెట్టిన పచ్చడిలా అనిపించాలి" అన్నారు.

ప్యాకేజింగ్ పద్మ: ఆ మాటతోనే మొదలుపెట్టు. "మీరు ఇంటి పచ్చడి అన్నారు కదా, అందుకే చేత్తో రాసినట్టుండే అక్షరాలు తీసుకున్నాను" అను. నచ్చిందా అని అడగకు. నాలుగడుగుల దూరం నుంచి పేరు చదవగలుగుతున్నారా, పక్క సీసాల్లో కలిసిపోతోందా అని అడుగు. ఎరుపు కావాలంటే వద్దనకు, ఎందుకో అడుగు. "కారం కనపడట్లేదు" అంటే అది పనికొచ్చే మాట.

ఇప్పటికైతే, ఆ కలిపినదాన్నీ మూడోదాన్నీ మూత సైజులో ప్రింట్ తీసి రెండు సీసాలకి అంటించు. పేరులో ఒత్తు ఉందా?

తెనాలి నుంచి: ఉందండీ, ఆకు సరిగ్గా దాని కిందే వచ్చింది.

ప్యాకేజింగ్ పద్మ: చిన్న సైజులో రెండూ అతుక్కుపోతాయి. నువ్వు చెప్పక్కర్లేదు, ఆవిడే చూస్తారు.

స్టూడెంట్: మూడు కాన్సెప్ట్‌లు అంటే మూడు రంగులైనా పర్లేదా?

ప్రెస్ బాబాయ్: రంగు మారిస్తే కాన్సెప్ట్ కాదు.

ఫ్రీలాన్సర్, వైజాగ్: క్లయింట్ దృష్టిలో అదీ వేరే ఆప్షనే. బిల్లులో మాత్రం విడిగా రాయండి.

ప్రెస్ బాబాయ్: ఆప్షన్ వేరు, కాన్సెప్ట్ వేరు అంటున్నాను.

తెనాలి నుంచి: ప్రింట్ తీసి చూశాను, ఒత్తు నిజంగానే ఆకులో కలిసిపోయింది. రేపు సీసాలు పట్టుకుని వెళ్తున్నా. అసలు సంగతి చెప్పడం మర్చిపోయాను, ఫైనల్ చేసేది వాళ్ల తమ్ముడంట, ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. థాంక్స్ పద్మక్కా.

ప్యాకేజింగ్ పద్మ: అయితే ఆయన లేకుండా చూపించకు. వీడియో కాల్‌లోనైనా కూర్చోబెట్టు.