ఉగాది డాక్యుమెంటరీ: శనివారం కామేశ్వరమ్మ గారి ఇంట్లో తీయాల్సిన కట్‌అవేలు

మాధవి (ఎడిటింగ్)

అందరికీ నమస్కారం. మన మెల్‌బోర్న్ పెద్దల మీద తీస్తున్న డాక్యుమెంటరీలో కామేశ్వరమ్మ గారి భాగాన్ని మాటల వరకు కూర్చాను. ఆవిడ 38 నిమిషాలు మాట్లాడారు. అందులోంచి 2 నిమిషాల 50 సెకన్లు తీసుకున్నాను. కళ్లు మూసుకుని వింటే ఎక్కడా అతుకు తెలియదు. కళ్లు తెరిస్తే మాత్రం 11 చోట్ల ఆవిడ తల ఉలిక్కిపడినట్టు పక్కకు జరుగుతుంది. ఒకచోట చేయి ఒడిలో ఉంటుంది, మరుక్షణం కళ్లజోడు మీద ఉంటుంది. ఈ జంప్ కట్ల మీద కప్పే వేరే బొమ్మలు, అంటే కట్‌అవేలు, తీయడానికి శనివారం మళ్లీ ఆవిడ ఇంటికి వెళ్లాలి.

ముందు ఒక లెక్క చెబుతాను. 11లో రెండింటిని ఫ్రేము పెంచి సర్దుతాను. ఇంటర్వ్యూ 4కెలో తీశాం, సభలో చూపించేది 1080లో. కాబట్టి కట్ దాటగానే ముఖాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు దగ్గరికి తెచ్చినా బొమ్మ చెదరదు. కొంచెం పెంచితే చాలదు, అది పొరపాటులాగే కనిపిస్తుంది. ఒక కట్ గురించి నాకే సందేహం ఉంది, అది చివర్లో అడుగుతాను. మిగిలిన ఎనిమిది కట్లు ఐదు చోట్ల ఉన్నాయి: ఉత్తరాల ముచ్చట దగ్గర మూడు, వంటింటి మాటల దగ్గర రెండు, పెళ్లి ఫోటో, కరివేపాకు కుండీ, కుట్టుమిషను దగ్గర ఒక్కొక్కటి.

అన్నిటికంటే కష్టమైనది ఉత్తరాల దగ్గర. "ఆ నీలం కాగితం మీద అంచుల దాకా రాసేదాన్ని" అన్న మాట నుంచి తొమ్మిది సెకన్లలో మూడు కట్లు పడ్డాయి. తొమ్మిది సెకన్లూ ఒకే షాటు పెడితే చూసేవారికి విసుగు పుడుతుంది. మూడేసి సెకన్ల షాట్లు మూడు కావాలి, అవి ఒకే పనిలో భాగాలుగా కనిపించాలి. బిస్కెట్ల రేకు డబ్బా మూత తీయడం, ఆ నీలం ఎయిరోగ్రామ్ ఉత్తరం మడత విప్పడం, చదువుతున్న ఆవిడ ముఖం. దయచేసి ఆవిడను ఆ పని మొత్తం మూడుసార్లు చేయమని అడగండి. ఒకసారి గది కనిపించేలా దూరం నుంచి, ఒకసారి నడుము దాకా, ఒకసారి చేతులు మాత్రమే. చేయి ఫ్రేములోకి రాకముందే రికార్డింగ్ మొదలుపెట్టాలి, చేయి బయటికి వెళ్లిపోయాక మూడు సెకన్లు ఆగి ఆపాలి. ఖాళీ ఫ్రేములోకి చేయి రావడం, పోవడం నాకు దొరికితే అక్కడ ఏ షాటుకైనా ఏ షాటునైనా అతకవచ్చు. చేయి మధ్యలో ఉండగా మొదలైన షాటు ఎంత అందంగా ఉన్నా ముందుదానితో కలవదు.

కార్తీక్

మాధవి అక్కా, శనివారం కెమెరా నేను పట్టుకుంటాను. చేతుల షాట్లన్నీ ఫోనులో సెకనుకు 120 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే బాగుంటుంది కదా? అమెరికాలో ఉన్న మా అన్నయ్య మామూలు షాట్లు 30 ఫ్రేముల్లో తీయమన్నాడు.

శ్రీనివాస్

నా మాట వినండి. ఇంత శ్రమ అక్కర్లేదు. రెండో కెమెరా పెట్టి తీసి ఉంటే ఈ సమస్యే వచ్చేది కాదు. ఎలాగూ నా దగ్గర డ్రోన్ ఉంది. యారా నది, నగరం, ట్రాములు ఒక గంట తీసి ఇస్తాను. ఎక్కడ కట్ వస్తే అక్కడ వేసుకోండి.

పద్మ

మాధవీ, నాకు కొంచెం బాధగా ఉంది. 38 నిమిషాలు మాట్లాడిన మనిషిని మూడు నిమిషాలు కూడా లేకుండా కోసేసి, ఇంకా కట్ చేయడానికి మళ్లీ వెళ్తామంటున్నారు. మా అమ్మాయి అరంగేట్రం వీడియో కూడా ఇలాగే తగ్గించి ఇచ్చారు. తిల్లానా సగంలో ప్రేక్షకులను చూపించారు, వెనక్కి వచ్చేసరికి అమ్మాయి వేదికకు ఇంకో పక్కన ఉంది. ఇన్నేళ్లయినా నాకు ఆ వెలితి పోలేదు.

మాధవి (ఎడిటింగ్)

పద్మక్కా, కట్‌అవే అంటే ఆవిడ మాటను కోయడం కాదు. మాట అలాగే సాగుతూ ఉండగా కొద్ది క్షణాలు బొమ్మ వేరే దాని మీదకు వెళ్లడం. కానీ మీరు చెప్పిన అరంగేట్రం సంగతి ఇక్కడికి సరిగ్గా పనికొస్తుంది. అక్కడ ప్రేక్షకులను చూపించి నృత్యంలో కొంత భాగాన్ని మింగేశారు. నాట్యంలో కాలం తెగితే ఏ కట్‌అవే కప్పలేదు. మాటలో కూడా అంతే. వాక్యం చివర గొంతు దిగకముందే కోస్తే పైన ఏ బొమ్మ వేసినా చెవికి తెలిసిపోతుంది. అందుకే నేను ముందు మాట వరకే కూర్చి, తెర ఆపేసి వింటాను. చెవికి నచ్చని అతుకును వదులుకుంటాను. ఆవిడ ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును ఇంకో ప్రశ్న కింద పెట్టలేదని కూడా మీకు మాట ఇస్తున్నాను. పైన బొమ్మ కప్పి ఉంటుంది కాబట్టి అలాంటి మోసం ఎవరికీ కనబడదు, అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి.

శ్రీనివాస్ గారూ, రెండో కెమెరా మాట నిజం. మిగిలిన నాలుగు ఇంటర్వ్యూలకు తప్పక పెడదాం. మొదటి కెమెరాకు కనీసం 30 డిగ్రీల పక్కన ఉండాలి, ఫ్రేము సైజు కూడా వేరుగా ఉండాలి. లేకపోతే కెమెరా మారినట్టు అనిపించదు, అదీ జంప్ కట్‌లాగే ఉంటుంది. అయితే రెండు కెమెరాలున్నా పది సెకన్లకోసారి అటూ ఇటూ మారుస్తూ పోలేం, కట్‌అవేలు అప్పుడూ కావాలి. డ్రోన్ షాట్లు సినిమా మొదట్లో రెండు పెట్టుకుందాం. ఆవిడ ఉత్తరం గురించి చెబుతున్నప్పుడు నది వేస్తే మాత్రం చూసేవారి మనసు మాట మీద నుంచి జారిపోతుంది. ఏదో దాచడానికే ఆ బొమ్మ వేశారని కూడా తెలిసిపోతుంది.

కార్తీక్, స్లో మోషన్ వద్దు. మాట మామూలు వేగంలో నడుస్తుంటే చేతులు కలలోలా కదిలితే అతకదు. ఇంటర్వ్యూ 25 ఫ్రేముల్లో ఉంది, నువ్వూ 25లోనే తీయి, షటర్ 1/50. మీ అన్నయ్య చెప్పింది వాళ్ల దేశానికి సరిపోతుంది, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్. ఇక్కడ మన ఊళ్లలోలాగే 50. వేరే షటర్‌తో తీస్తే వంటింటి ట్యూబులైటు కింద గోడ మీద చారలు పాకవచ్చు. 30లో తీసినదాన్ని 25లో కలిపితే కదిలే చేయి సన్నగా తడబడుతుంది. ఫోను చిన్న తెర మీద తెలియదు, సభలో పెద్ద తెర మీద తెలుస్తుంది. ఎక్స్‌పోజరు, ఫోకస్ రెండూ లాక్ చేయి. ఉత్తరం ఫ్రేములోకి రాగానే గది చీకటైపోతే ఆ షాటు పనికిరాదు.

కార్తీక్

అర్థమైంది అక్కా. ఒక్కో షాటు ఎంతసేపు తీయాలి? కెమెరాను అటూ ఇటూ తిప్పవచ్చా?

మాధవి (ఎడిటింగ్)

స్టాండు మీద పెట్టి, కదలకుండా, మనసులో నెమ్మదిగా పది లెక్కపెట్టు. నాకు కావాల్సింది మూడు నాలుగు సెకన్లే, కానీ ఏ మూడు సెకన్లో ఇప్పుడే చెప్పలేను. కెమెరా కదిలే షాటు మొదలయ్యాక మధ్యలో కోస్తే బాగుండదు, దాని పొడవును బట్టి నేను మాటను సాగదీయాల్సి వస్తుంది. ఐదు చోట్లకూ కలిపి టైమ్‌లైన్‌లో పడేవి పద్నాలుగు పదిహేను షాట్లు. నువ్వు నలభై తెస్తే నాకు చాలు. నాలుగు వందలు తెస్తే వెతకడానికే నాకు ఒక ఆదివారం పోతుంది.

ఆ నీలం కాగితం గురించి ఒక మాట. ఇంటర్వ్యూ రోజున దగ్గర నుంచి చూశాను. మడతల దగ్గర రంగు పోయి తెల్లగా అయింది. అక్షరాలు కాగితం మూల తిరిగి అంచు వెంబడి నిలువుగా ఎక్కాయి. ఆవిడ దాన్ని విప్పేటప్పుడు బొటనవేలిని ముందు మడత మీద ఒకసారి రాస్తారు, ఆ తర్వాతే తెరుస్తారు. నాకు ఆ బొటనవేలు కావాలి. కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా కూర్చోబెట్టు, మడత గీతలు అప్పుడే లేచి కనిపిస్తాయి. ఎదురుగా వెలుతురుంటే కాగితం వట్టి నీలం ముక్కలా ఉంటుంది. చిరునామా, ఇంటి సంగతులు రాసిన వరుసలు చదవగలిగేలా ఫ్రేములో ఉండకూడదు.

పద్మ

ఇప్పుడు అర్థమైంది, మనసు తేలికపడింది. మరి చీర సంగతి? ఆవిడ ఆ రోజు ఆవపూత రంగు చీర, ఆకుపచ్చ అంచు, చేతికి పచ్చ గాజులు. శనివారం వేరే గాజులుంటే?

మాధవి (ఎడిటింగ్)

పద్మక్కా, నేను మరిచిపోయింది మీరు గుర్తుచేశారు. ముఖం, చేతులు కనిపించే ప్రతి షాటులో అవే గాజులు, అదే చీర ఉండాలి. ఉత్తరాల చోట ముఖం నుంచి చేతికి వెళ్తాం కాబట్టి గాజు మారితే వెంటనే పట్టేస్తారు. కరివేపాకు కుండీ, కుట్టుమిషను చోట్ల మనిషి ఉండరు, అక్కడ బెంగ లేదు. వేళ కూడా అంతే. ఇంటర్వ్యూ ఉదయం పదకొండింటికి ఎడమవైపు కిటికీ వెలుతురులో తీశాం. సాయంత్రం తీస్తే ఎండ పసుపెక్కి వేరే రోజులా ఉంటుంది.

కార్తీక్, బయలుదేరేముందు హాల్లో అందరినీ ఊరుకోమని ఒక నిమిషం నిశ్శబ్దం రికార్డు చేయి. ఆవిడ ఫ్రిజ్ గుర్రుమన్న శబ్దం కొన్ని అతుకుల దగ్గర వచ్చి పోతోంది, కింద పరచడానికి ఆ గది నిశ్శబ్దం కావాలి. ఫ్రిజ్ నడుస్తుండగా ఒకటి, ఆపి ఒకటి తీసుకో. ఆపేటప్పుడు నీ కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టు, మళ్లీ వేయకుండా ఇల్లు దాటలేవు.

శ్రీనివాస్

ఫైళ్లు నేను చూసుకుంటాను. తేదీ వారీగా, కెమెరా వారీగా ఫోల్డర్లు పెడతాను. వాట్సాప్ గ్రూపులో పంపేయండి, అందరికీ ఉంటాయి.

మాధవి (ఎడిటింగ్)

తేదీ, కెమెరా వారీగా పెట్టినది మూలప్రతికి సరైన పద్ధతి, అది అలాగే ఉండనివ్వండి. కానీ ఎడిటింగ్‌లో నేను ఎప్పుడూ "శనివారం ఏం తీశారు" అని వెతకను, "ఉత్తరాల చోట ఏం ఉంది" అని వెతుకుతాను. అందుకని రెండో ప్రతిలో ఐదు చోట్లకు ఐదు ఫోల్డర్లు కావాలి, ఫైలు పేరులో చోటు, సైజు, వరుస సంఖ్య:

```
K1_letters_wide_01.mov
K1_letters_hands_03.mov
K4_curryleaf_close_02.mov
```

పేర్లు నాకు పంపేముందే మార్చండి. టైమ్‌లైన్‌లోకి తెచ్చాక మారిస్తే ఫైలు దొరకడం లేదని సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది, ఒక్కొక్కటీ మళ్లీ కలపాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగి చిన్నదైపోతుంది, ఫ్రేము పెంచుకునే వీలు పోతుంది. హార్డ్‌డిస్క్‌లో ఇవ్వండి. గత ఏడాది కాపీ అయిందనుకుని కార్డు చెరిపేస్తే చివరి ఆరు ఫైళ్లు సగమే వచ్చాయని తర్వాత తెలిసింది. ఈసారి రెండు డిస్కుల్లో ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు కార్డుతో సరిపోవాలి, ఒక్కో డిస్కులో చివరి ఫైలును చివరిదాకా ఆడించి చూడాలి. అప్పటిదాకా కార్డు ముట్టుకోవద్దు.

ఇక నా సందేహం. ఆవిడ భర్త చనిపోయిన రాత్రి గురించి చెబుతూ 14 సెకన్లు ఆగిపోయారు. నేను నాలుగుకు తగ్గించి, పైన పెళ్లి ఫోటోనే మళ్లీ పెట్టి చూశాను. అతుకు తెలియడం లేదు, కానీ ఏదో పోయింది.

పద్మ

ఆ మౌనాన్ని కోయవద్దు. ఆవిడ ముఖం మీదే ఉంచు.

శ్రీనివాస్

మొత్తం 20 నిమిషాల్లో ఐదుగురి కథలు రావాలి. పద్నాలుగు సెకన్లు సభలో చాలా పొడుగనిపిస్తాయి. పిల్లలు లేచి తిరగడం మొదలుపెడతారు.

మాధవి (ఎడిటింగ్)

రెండు మాటలూ నాకు సరైనవిగానే అనిపిస్తున్నాయి. పూర్తిగా ఉంచినది, తగ్గించినది రెండు ప్రతులూ శనివారం ల్యాప్‌టాప్‌లో తెస్తాను. ముందు ఆవిడే చూడనివ్వండి.

పద్మ

ఇప్పుడే ఫోను చేశాను. చీర ఉతికి ఇస్త్రీ చేసి పెడతారట. పచ్చ గాజుల్లో ఒకటి మొన్న చిట్లిందట, ఎడమ చేతికి ఐదే ఉన్నాయి.

మాధవి (ఎడిటింగ్)

ఇంటర్వ్యూలో ఎడమ చేయి చెంగు కింద ఉంది, నిలిపి చూశాను. కార్తీక్, చేతుల షాట్లు కుడివైపు నుంచి తీయి. పదిన్నరకల్లా అక్కడ ఉందాం.