配对 అంటే జతపరచడమా, అనుసంధానించడమా?

నెల్లూరు వాసి: మా బావగారు చైనాలో కొంతకాలం వాడి నాకిచ్చిన ఫిట్‌నెస్ వాచీలో మెనూ అంతా చైనీస్‌లోనే ఉంది. ఒక చోట 配对 అని, నడిచిన దూరం పక్కన 公里 అని కనిపిస్తున్నాయి. మొదటిదాన్ని తెలుగులో జతపరచడం అనాలా, అనుసంధానించడం అనాలా? ఫోన్ బ్లూటూత్ జాబితాలో పేరు నొక్కి కలిపాను గాని, యాప్‌లో వాచీ కనబడడం లేదు.

కడియం మాస్టారు: అనుసంధానం ఎన్నింటికైనా చెల్లుతుంది; ఒక వాచీ ఒక ఫోన్‌తో ముడిపడుతున్నప్పుడు చెప్పుల జతలా ‘జత’ అన్నదే ఒప్పుతుంది. ఇక 里 అంటే మైలు కనుక, మీ దూరం మైళ్లలో ఉన్నట్టు.

షెన్‌జెన్ తెలుగమ్మాయి: జత విషయంలో మీ మాటే సరైనది మాస్టారూ, 对 అన్న అక్షరానికీ ఆ అర్థముంది. అయితే 里 చైనా వారి పాత కొలత, ఇప్పటి లెక్కలో అర కిలోమీటరు. దాని ముందున్న అక్షరమే తేడా చెబుతుంది: 公里 కిలోమీటరు, 英里 మైలు. ఈ 英 ఇంగ్లండును సూచించే అక్షరం.

నెల్లూరు అన్నయ్యగారూ, ముందు బ్లూటూత్ జాబితా నుంచి వాచీని తొలగించి, యాప్‌లోనే కొత్త పరికరంగా చేర్చండి. అప్పుడు వాచీ మీద వచ్చే టిక్కు గుర్తు నొక్కాలి. అప్పటికీ కుదరకపోతే అది బావగారి ఖాతాకే కట్టుబడి ఉండవచ్చు, ఆయన యాప్‌లో 解绑 నొక్కితే ఆ ముడి వీడుతుంది. భాష కోసం పళ్లచక్రం గుర్తున్న 设置 లోకి వెళ్లి 语言 వెతకండి. రెండో అక్షరం అడుగున ఉన్న చిన్న చతురస్రం నోటికి గుర్తు, దాన్ని పట్టుకుంటే మాట దొరుకుతుంది. కొన్ని వాచీల్లో ఆ వరుసే ఉండదు, అవి ఫోన్ భాషను అనుసరిస్తాయి. మీ ఫోన్ తెలుగులో ఉండి వాచీకి తెలుగు రాకపోతే, ఫోన్‌ను ఇంగ్లీషుకు మార్చి మళ్లీ కలిపి చూడండి.

విశ్రాంత లైన్‌మన్: యూనిట్లంటే నాకు కరెంటు లెక్కే తెలుసు. రోజూ 5 కిలోమీటర్లు నడిచే నాకు వాచీ 3.1 చూపుతోంది, అది చెడిపోయిందా?

షెన్‌జెన్ తెలుగమ్మాయి: చెడిపోలేదు బాబాయిగారూ, అవి మైళ్లు. చాలా యాప్‌లలో ఈ ఎంపిక ప్రొఫైల్‌లో ఉంటుంది. వాచీలో మార్చినది మళ్లీ మైళ్లకు వెళ్లిపోతుంటే, యాప్‌లోనే మార్చాలి.

నెల్లూరు వాసి: బావగారు ముడి విప్పగానే యాప్‌లో వాచీ కనిపించింది, మెనూ ఇంగ్లీషుకు మారింది. మరి యూనిట్లను తెలుగులో ప్రమాణాలు అందామా?

కడియం మాస్టారు: పాఠ్యపుస్తకాల మాట అదే. కానీ తెర మీద ‘ప్రమాణం మార్చు’ అని చూస్తే ఒట్టు గుర్తొస్తుంది కనుక, నేను కొలమానం వైపే ఉన్నాను.

షెన్‌జెన్ తెలుగమ్మాయి: కొలమానం అంటే కొలిచే సాధనమని మా తాతగారు అనేవారు మాస్టారూ, నాకింకా సందేహంగానే ఉంది.