46 కామెంట్లు వచ్చిన రంగును మళ్లీ నేయించాలా?

లావణ్య, గుంటూరు: నేను ఇన్‌స్టాలో మంగళగిరి డ్రెస్ మెటీరియల్స్ అమ్ముతాను. ఫాలోవర్లు 2,300 మంది. ఆ మధ్య నన్నొక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. 40 మందిమి, అందరం చిన్న అమ్మకందారులమే. ఎవరు లింక్ పెట్టినా అరగంటలోపు లైక్ కొట్టి, కనీసం నాలుగు మాటల కామెంట్ రాయాలి. మొన్న నెమలికంఠం రంగు నిజాం బోర్డర్ సెట్‌కి 46 కామెంట్లు వచ్చాయి. ముందెప్పుడూ పది దాటలేదు. ఆర్డర్లు మాత్రం రెండే. ఆ రంగు మళ్లీ వేయాలంటే 30 సెట్లు తీసుకోవాలని మా మాస్టర్ వీవర్ అంటున్నారు. తీసుకోమంటారా?

సురేష్: కామెంట్ పెట్టినవాళ్లకి వెంటనే ఇన్‌బాక్స్‌లో ధర వెళ్లేలా ఆటో రిప్లై పెట్టండి మేడమ్. ఆలస్యమైతే కొనేవాళ్లు పోతారు.

లావణ్య: ధర అడిగినవాళ్లే లేరండి. నా టెన్షన్ అదే.

ప్రవీణ్: ముందు ఆ గ్రూపులోంచి బయటికి రండి. ఇన్‌స్టావాళ్లకి తెలిస్తే అకౌంట్ తీసేస్తారు.

మాధవి (చిన్న బ్రాండ్లకి యాడ్స్ నడుపుతాను): ప్రవీణ్ గారూ, అకౌంట్ పోతుందన్న భయమే ఎక్కువైతే అసలు నష్టం కనబడదు. వేరే యాప్‌ల ద్వారా వచ్చే దొంగ లైకులు, ఫాలోలు, కామెంట్లు తీసేస్తామని ఇన్‌స్టా 2018 నవంబర్‌లో ప్రకటించింది. మనుషులు చేత్తో పెట్టే కామెంట్లని పట్టుకోవడం అంత తేలిక కాదు. లావణ్య గారూ, ఈ పోస్టుదీ, గ్రూపులో చేరకముందు బాగా పోయిన ఒక పోస్టుదీ ఇన్‌సైట్స్ చెప్పండి.

లావణ్య: నెమలికంఠం: రీచ్ 690, కామెంట్లు 46, సేవ్‌లు 4, ఇతరులకి పంపినవి 2. సంక్రాంతి ముందు పెట్టిన మెరూన్: రీచ్ 810, కామెంట్లు 8, సేవ్‌లు 23, పంపినవి 17, ఆర్డర్లు 6.

మాధవి: 46లో మీ గ్రూపువాళ్లవి 39 తీసేయండి. మిగిలేవి 7, అంటే దాదాపు మెరూన్‌కి వచ్చినన్నే. కామెంట్లు పెరిగాయని మీకు అనిపించిందంతా ఆ 39 మంది వల్లే. పండగ ముందు అమ్మకాలు ఎలాగూ బాగుంటాయి కాబట్టి ఆర్డర్ల తేడా మొత్తాన్ని రంగు మీద వేయలేం. కానీ సేవ్‌లు 23 నుంచి 4కి, పంపినవి 17 నుంచి 2కి పడ్డాయంటే చూడాల్సిందే. కొనాలనుకునేవాళ్లు ఫొటో దాచుకుంటారు, అక్కకో వదినకో పంపి అడుగుతారు. గ్రూపువాళ్లకి ఆ పని లేదు.

ఇన్‌స్టా అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో ర్యాంకింగ్‌కి ముఖ్యమైనవి మూడన్నారు: ఎంతసేపు చూశారు, చూసినవాళ్లలో ఎందరు లైక్ కొట్టారు, ఎందరు ఇంకొకరికి పంపారు. మిమ్మల్ని ఫాలో కానివాళ్లకి పోస్టు చేరడానికి పంపడమే ఎక్కువ ఉపయోగపడుతుంది. గ్రూపువాళ్లు ఇచ్చేది లైకూ కామెంటూ మాత్రమే. పైగా రోజూ మీతో మాట కలిపేది వాళ్లే కాబట్టి మీ తర్వాతి పోస్టూ ముందు వాళ్లకే కనబడుతుంది. వాళ్లూ మీలాగే అమ్మేవాళ్లు.

వసంత, రాజమండ్రి: నేనొప్పుకోను. నేను కేకులు చేస్తాను. మా కామెంట్ గ్రూపులో పరిచయమైన ఒకావిడ ఇప్పటికీ ప్రతి పుట్టినరోజుకీ నా దగ్గరే తీసుకుంటుంది.

మాధవి: వసంత గారూ, ఆవిడ మీ ఊరావిడేనా?

వసంత: అవును, మా వీధి చివరే.

మాధవి: అయితే అది పరిచయంతో వచ్చిన బేరం. మీకు కామెంట్లు ఎన్ని వచ్చినా రాకున్నా ఆవిడ కొనేది.

ప్రవీణ్: మరి యాడ్‌కి పనికొస్తుంది కదా? మనతో ఎంగేజ్ అయినవాళ్లని తీసుకుని, వాళ్లలాంటివాళ్లకి చూపించమని మెటాకి చెప్పొచ్చు.

మాధవి: అక్కడే డబ్బు పోయేది. ఆ జాబితాకి ఒక దేశం నుంచి కనీసం 100 మంది ఉంటే చాలు. చిన్న పేజీలో అందులో 39 మంది అమ్మకందారులైతే, మెటా వాళ్లలాంటివాళ్లనే వెతుకుతుంది. అంటే మీలాంటి అమ్మకందారుల కోసం మీరే యాడ్ ఖర్చు పెడుతున్నట్టు. దానికన్నా ఇప్పటిదాకా కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు ఎక్కించండి. అన్నీ అకౌంట్లతో కలవవు, కలిసినవి కనీసం వంద ఉండాలి.

లావణ్య: నంబర్లు దాదాపు 180 ఉన్నాయి. మరి 30 సెట్ల సంగతి?

మాధవి: ఇప్పుడే వద్దు. ఆ 180 మందికీ నెమలికంఠం ఫొటో, ధర, దుపట్టా పొడవు వాట్సాప్‌లో పంపండి. కొంత అడ్వాన్స్ అడగండి. పదిమందైనా అడ్వాన్స్ వేస్తే మాస్టర్ వీవర్‌తో మాట్లాడండి. ‘రంగు పోతుందా’, ‘మూడు మీటర్లొస్తుందా’ అని అడిగే మెసేజ్ ఒక్కటొచ్చినా అది ఆ 39 కామెంట్ల కంటే ఎక్కువ చెబుతుంది.

లావణ్య: గ్రూపు మానేస్తే కామెంట్లు ఒక్కసారిగా పడిపోతాయి కదా, చూసేవాళ్లు ఏమనుకుంటారోనని.

మాధవి: పడిపోతాయి. మళ్లీ మీ సొంత అంకె కనబడుతుంది.

వసంత: మరి ఆ 39 మందిని ఫాలోవర్లలోంచి తీసేయాలా? నేనైతే తీయను, రేపు ఎగ్జిబిషన్‌లో ఎదురుపడితే ముఖం ఎలా చూపిస్తాం.

మాధవి: నేనూ తీయమనను. మానేశాక వాళ్లంతట వాళ్లే మాట్లాడటం తగ్గిస్తారు. తీసేస్తే రీచ్ బాగుపడుతుందనేవాళ్లు కూడా ఉన్నారు, నేను మాత్రం తీసి చూడలేదు.