ఐఈఎల్టీఎస్ టాస్క్ 2: రెండు ప్రశ్నల ఎస్సేలో రెండో ప్రశ్నకి ఎంత రాయాలి?

అందరికీ నమస్తే. అకడమిక్ ఐఈఎల్టీఎస్‌కి ప్రిపేర్ అవుతున్నాను, రెండు ప్రశ్నలు నేరుగా అడిగే ఎస్సే దగ్గర ఆగిపోయాను. నేను రాస్తున్న టాపిక్ ఇది: యువత ఉద్యోగాలు తరచూ మారుతున్నారు. కారణాలేంటి? ఇది కంపెనీలకి మంచిదా, చెడ్డదా?

కారణాలు ఇట్టే వస్తాయి. జీతం పెరగాలంటే కంపెనీ మారడమే దారి అని ఒకటి రాసి, దానికి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఉదాహరణ కలిపితే ఆ పేరా ఒక్కటే 130 పదాలు దాటుతుంది. రెండో ప్రశ్నకి వచ్చేసరికి, కొత్తవాళ్ళకి మళ్ళీ ట్రైనింగ్ ఇవ్వాలి కాబట్టి నష్టం అని రెండు వాక్యాల్లో అయిపోతుంది. మొత్తం 250 తగ్గకూడదు, టైమ్ 40 నిమిషాలే.

ప్రశ్నలో అన్ని భాగాలకీ జవాబు ఉండాలని టాస్క్ రెస్పాన్స్‌లో చూస్తారని తెలుసు. సమానంగా అంటే పదాల లెక్కా, లేక ప్రతిదానికీ ఒక పాయింట్, వివరణ, ఉదాహరణ ఉంటే చాలా? నాకైతే రెండోదే సబబు అనిపిస్తోంది, అందుకే మొదటి పేరాలో ఒక్క కారణమే ఉంచి, రెండో పేరాలో అనుభవం ఉన్న మనిషి వెళ్ళిపోతే ప్రాజెక్టు ఎలా ఆలస్యమవుతుందో వివరిద్దామనుకుంటున్నా.

ఇంకోటి, మంచిదా చెడ్డదా అన్నప్పుడు ఒక పక్షమే తీసుకోవచ్చా, రెండూ చెప్పాలా? ఇంట్రోలోనే రెండు జవాబులూ ఒక్కో ముక్కలో చెప్పేయాలా? 7 పైన తెచ్చుకున్నవాళ్ళు మీ పేరా ప్లాన్ ఎలా ఉండేదో కాస్త చెప్పండి, టెంప్లేట్లు మాత్రం వద్దండీ.